ఆపిల్‌పై మెరుపు – కడిగితే పోతుందా?

ఇటీవల ఒక ఇల్లాలు అద్దంలా మెరిసే ఆపిల్ పండ్ల ఫొటో చూపి, "డాక్టరుగారూ, ఈ మైనం విషమా? పిల్లలకు పెట్టడం మానేశాను" అన్నారు.

ఫొటోలోని మెరుపును బట్టి ఏమీ నిర్ణయించలేమని చెప్పాను. ఆపిల్ తొక్కపై సహజంగానే మైనం ఉంటుంది. గుడ్డతో తుడిస్తే అదీ మెరుస్తుంది. కోత అనంతరం కడిగినప్పుడు ఆ మైనం కొంత పోతుంది. అందువల్ల పండు వడలిపోకుండా లక్క, తేనెమైనం, కార్నూబా మైనం వంటివి పలుచగా పూస్తారు. వీటికి మన దేశంలో అనుమతి ఉంది. లక్క మన వైద్యంలో లాక్షగా చిరపరిచితమే. ఒక పండుకు పట్టేది ఒకటి రెండు చుక్కలే.

అసలు గమనించవలసినది పురుగుమందుల అవశేషం. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆపిల్ పండ్లకు రెండు మందులు పూసి, ఒక దినం ఉంచి పరీక్షించారు. లీటరు నీటికి 10 గ్రాముల వంటసోడా కలిపిన నీటిలో 12 నుండి 15 నిమిషాలు ఉంచగా పైనున్న మందు పోయింది. అయితే తొక్కలోకి ఇంకినది పోలేదు. ఒక మందులో అది సుమారు అయిదవ వంతు.

కనుక లీటరు నీటిలో రెండు చిన్న చెంచాల వంటసోడా కలిపి, పండ్లను పావుగంట ఉంచి, చేతితో రుద్ది, ధారగా పడే మంచినీటితో కడగండి. సబ్బు వాడరాదు. మైనం చన్నీటికి కరగదు, మెరుపు మిగిలే ఉంటుంది, దానికి భయపడనక్కరలేదు. అప్పటికీ శంక తీరకపోతే తొక్క తీయవచ్చు. కాని దానితోపాటు పీచుపదార్థమూ కొంత పోతుందని మరువకండి.