తీగ ఎర్రబడే ముందు క్షణం

1934లో జపాన్ శాస్త్రవేత్త షిరో నుకియామా నీళ్లలో సన్నటి లోహపు తీగను అడ్డంగా ఉంచి, కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ వెళ్లాడు. తీగే హీటరు, తీగే థర్మామీటరు. వోల్టేజిని కరెంటుతో హెచ్చిస్తే వేడి ఎంతో తెలుస్తుంది. భాగిస్తే నిరోధం వస్తుంది, దాన్నిబట్టి తీగ ఉష్ణోగ్రత.

మొదట బుడగలుండవు, వేడెక్కిన నీరు పైకి కదులుతుందంతే. నీటి మరుగు స్థానాన్ని తీగ కొన్ని డిగ్రీలు దాటాక బుడగలు మొదలవుతాయి. అవి తీగను వదిలి లేచిన చోటికి చల్లటి నీరు దూసుకొస్తుంది కాబట్టి, ఉష్ణోగ్రత కాస్త పెరిగినా తీగ వదిలే వేడి ఎన్నో రెట్లవుతుంది. దాదాపు 30 డిగ్రీలు దాటాక చిక్కు వస్తుంది: పైకి పోయే ఆవిరి కిందికొచ్చే నీటికి దారివ్వదు. అదే శిఖరం. ఒక మిల్లీమీటరు మందం, 10 సెంటీమీటర్ల పొడవు తీగకు లెక్క కడితే సుమారు 490 వాట్లు.

ఇంకొంచెం పెంచితే ఆవిరి పొర తీగను కప్పేస్తుంది. కాలిన పెనం మీద నీటిచుక్క దొర్లేది ఇలాంటి పొర మీదే. వేడి పోయే దారిలేక నిరోధం ఒక్కసారిగా ఎగబాకుతుంది, తీగ ఎర్రబడుతుంది. ఆ గెంతుకు ముందరి రీడింగే మనకు కావలసింది. నిక్రోమ్ తీగ ఇక్కడే కరిగి తెగింది, ప్లాటినం తట్టుకుంది. తర్వాత కరెంటు తగ్గించినా పొర వెంటనే విడవదు, శిఖరానికి చాలా కిందికి దిగాకే బుడగలు తిరిగొస్తాయి.