అసాధారణ లాభానికి ధర కట్టేదెలా?

నూలు మిల్లులో దూది వడికేటప్పుడు కొంత వ్యర్థంగా పోవడం సహజం. అనుభవాన్ని బట్టి మిల్లు ముందే వేసుకునే ఈ అంచనాను ప్రాసెస్ కాస్టింగ్‌లో సాధారణ నష్టం అంటారు. వ్యర్థం అంచనా కంటే తగ్గితే, ఆ మేరకు అదనంగా చేతికొచ్చిన సరుకే అసాధారణ లాభం.

ఒక మిల్లు 1,000 కిలోల దూది వేసిందనుకుందాం. దూది ఖరీదు రూ.1,60,000, కూలి, ఇతర ఖర్చులు రూ.52,000, మొత్తం రూ.2,12,000. సాధారణ నష్టం 10 శాతం, అంటే 100 కిలోలు. వ్యర్థాన్ని కిలో రూ.50కి అమ్మితే రూ.5,000 వస్తుంది. దాన్ని ఖర్చులోంచి తీసేసి, మిగిలిన రూ.2,07,000ను రావలసిన 900 కిలోలతో భాగిస్తే కిలో నూలుకు రూ.230 పడుతుంది.

తీరా 920 కిలోల నూలు వచ్చింది. అదనపు 20 కిలోలకూ అదే రూ.230 లెక్కన రూ.4,600 విలువ కడతారు. ఈ మొత్తాన్ని ప్రాసెస్ ఖాతాకు డెబిట్ చేసి, అసాధారణ లాభం ఖాతాకు క్రెడిట్ చేస్తారు.

అదే ధర ఎందుకు? ఆ 20 కిలోలు వేరే నూలు కాదు. అదే దూదితో, అదే యంత్రాల మీద తయారై, మిగతా 900 కిలోలతో కలిసిపోయాయి. నాణ్యత ఒకటే, అమ్ముడుపోయే ధరా ఒకటే. వాటికి వ్యర్థం ధర కట్టినా, అసలు ధరే కట్టకపోయినా కిలో ఖర్చు తగ్గిపోతుంది. నిజంగా అయిన నికర ఖర్చు రూ.2,08,000ను 920తో భాగిస్తే కిలోకు దాదాపు రూ.226 మాత్రమే వస్తుంది. అలా చేస్తే వ్యర్థం ఎక్కువైన నెలలో ఖర్చు పెరిగి, తగ్గిన నెలలో తగ్గి, తర్వాతి ప్రాసెస్‌కు వెళ్లే సరుకు ధర నిలకడగా ఉండదు. పనితనం వల్ల కలిసొచ్చింది ఎంతో విడిగా కనిపించదు. అసాధారణ నష్టానికీ ఇదే ధర కట్టేది ఇందుకే.

అయితే రూ.4,600 మొత్తం లాభం కాదు. వ్యర్థం 80 కిలోలే మిగిలింది కాబట్టి దాని అమ్మకంలో 20 కిలోల రాబడి, అంటే రూ.1,000 తగ్గింది. దాన్ని అసాధారణ లాభం ఖాతాకు డెబిట్ చేసి, మిగిలిన రూ.3,600ను లాభనష్టాల ఖాతాకు మళ్లిస్తారు. 920 కిలోల విలువ రూ.2,11,600లోంచి నికర ఖర్చు రూ.2,08,000 తీసేసినా అంతే వస్తుంది.

ఈ లెక్కకు ఆధారం సాధారణ నష్టం అంచనాయే. ప్రతి నెలా అసాధారణ లాభమే కనిపిస్తుంటే అది పనితనం కాకపోవచ్చు. అంచనా వదులుగా ఉండవచ్చు, లేదా నూలు తేమ పీల్చి బరువెక్కి ఉండవచ్చు. అప్పుడు తూకాన్నీ తేమనూ సరిచూసి, అంచనా శాతాన్ని సవరించాలి.