అరెస్టు చేస్తే హింస ఆగుతుందా?

భార్యను కొట్టిన భర్తను అరెస్టు చేస్తే మళ్లీ కొట్టకుండా ఉంటాడా? ఈ ప్రశ్నతో పరిశోధన ప్రతిపాదన రాసే విద్యార్థికి ముందుగా ఎదురయ్యేది 1984లో షెర్మన్, బెర్క్ ప్రచురించిన మినియాపొలిస్ ప్రయోగం. అరెస్టు చేసినచోట ఆరు నెలల్లో మళ్లీ దాడులు తగ్గాయని అది తేల్చింది. చాలామంది సమీక్షను అక్కడే ఆపేస్తారు.

గూగుల్ స్కాలర్‌లో ఆ వ్యాసం కింద Cited by నొక్కితే, దాన్ని ప్రస్తావించిన తర్వాతి పరిశోధనలు బయటికొస్తాయి. ఒమాహాలో అరెస్టు వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మిల్వాకీలో ఉద్యోగం ఉన్నవారిలో హింస తగ్గింది, లేనివారిలో పెరిగింది.

ఒక్కో పరిశోధనకు ఒక్కో పేరా రాసుకుంటూ పోతే అది జాబితాగానే మిగులుతుంది. ఫలితాలు ఎందుకు వేరయ్యాయన్న ప్రశ్న చుట్టూ వాటిని కూర్చాలి. ఎవరిని అరెస్టు చేశారు? ఎంతకాలం గమనించారు? దాడి సంగతి పోలీసు రికార్డుల్లో చూశారా, బాధితురాలినే అడిగారా?

ఖాళీ ఇక్కడే బయటపడుతుంది. ఇవన్నీ అమెరికా నగరాలు. మన దగ్గర 498ఎ కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసుతో సరిపెట్టిన ఇంట్లో తర్వాత ఏం జరిగిందో ఆ ప్రయోగాలు చెప్పలేవు. అయితే ‘ఎవరూ పరిశోధించలేదు’ అనేముందు ఏ డేటాబేసుల్లో, ఏ పదాలతో, ఏ తేదీ వరకు వెతికారో రాయాలి. "domestic violence" ఒక్కటే కొడితే, "spouse assault" అని రాసిన పాత వ్యాసాలు జారిపోతాయి.