పడిన జమ ఏ బిల్లుది?
బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పడిన జమ ఏ బాకీ బిల్లుకు చెందిందో తేల్చడానికి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ముందుగా వివరాల వరుసలో బిల్లు నంబరు వెతుకుతుంది. `INV-1047`, `inv 1047` ఒకటేనని గుర్తించడానికి గీతలు, ఖాళీలు తీసేసి, అక్షరాలన్నీ చిన్నవిగా మార్చి పోలుస్తుంది. ఆ తర్వాత మొత్తం సరిచూస్తుంది.

ఉదాహరణకు ఆ బిల్లు 50,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 59,000. బ్యాంకులో పడింది 58,000. తగ్గిన 1,000 రూపాయలు జీఎస్టీ కలపని మొత్తంపై 2 శాతం టీడీఎస్‌తో సరిపోతాయి. కాబట్టి బిల్లు తీరినట్టే. ఆ 1,000 టీడీఎస్ ఖాతాకు వెళ్తుంది.

నంబరు లేకుండా మొత్తం ఒక్కటే కలిస్తే నమ్మలేం. నెలనెలా ఒకే మొత్తం కట్టే ఖాతాదారుకు రెండు నెలల బిల్లులు బాకీ ఉంటే, జమ రెండింటికీ సరిపోతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ రెండింటినీ చూపించి ఆగాలి. ఏ నెలదో అకౌంటెంటు కనుక్కుని ఖరారు చేయాలి.