ప్లాన్‌తో వచ్చిన ఓటీటీ టీవీలో రావాలంటే...

బ్రాడ్‌బ్యాండ్ తీసుకునేటప్పుడు నెట్‌ఫ్లిక్స్ ఉచితమన్నారు. తీరా టీవీలో యాప్ తెరిస్తే డబ్బు కట్టమంటోంది. ఇక్కడ టీవీ తప్పేమీ లేదు. మీ ఇంటి వైఫై ఏ ప్లాన్‌దో నెట్‌ఫ్లిక్స్‌కు తెలియదు, దానికి తెలిసేది మీ ఖాతా ఒక్కటే. అందుకే ముందు ప్లాన్‌ను ఆ ఖాతాకు జతచేయాలి. ఆ పని ఫోన్‌లోనే జరుగుతుంది.

ఒక ఇంటి సంగతి చూద్దాం. ఎయిర్‌టెల్ బ్రాడ్‌బ్యాండ్ నాన్న నంబరు మీద ఉంది. కొడుక్కి ముందునుంచే నెట్‌ఫ్లిక్స్ ఉంది, నెలనెలా అతని కార్డు నుంచి డబ్బు పోతోంది. ఎయిర్‌టెల్ యాప్‌లోకి నాన్న నంబరుతోనే వెళ్లాలి, ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది. ప్లాన్ ప్రయోజనాల్లో నెట్‌ఫ్లిక్స్‌ను ఎంచుకుంటే దాని వెబ్ పేజీ తెరుచుకుంటుంది. అక్కడ కొత్త ఖాతా తెరవకుండా, కొడుకు ఈమెయిల్‌తో లాగిన్ అవ్వాలి. పొరపాటున నాన్న ఈమెయిల్‌తో కొత్త ఖాతా తెరిస్తే ఉచిత చందా దానికి వెళ్తుంది, కొడుకు కార్డు నుంచి మాత్రం డబ్బు పోతూనే ఉంటుంది. జత కుదిరిందో లేదో ఖాతా పేజీలో చెల్లింపు వివరాలు చూస్తే తెలుస్తుంది. అక్కడ ఇంకా కార్డు నంబరే కనిపిస్తుంటే పని పూర్తికాలేదన్నమాట.

ఆ తర్వాతే టీవీ దగ్గరికి రావాలి. ఫోన్‌తో లాగిన్ అయ్యే పద్ధతి ఎంచుకుంటే తెరమీద ఒక కోడ్, netflix.com/tv8 లాంటి చిరునామా కనిపిస్తాయి. కొడుకు ఖాతా తెరిచి ఉన్న ఫోన్‌లో ఆ పేజీకి వెళ్లి కోడ్ కొడితే చాలు, రిమోట్‌తో పాస్‌వర్డ్ టైప్ చేసే బాధ ఉండదు.

జియోహాట్‌స్టార్‌లో మొబైల్ నంబరుతో లాగిన్ అవుతాం. కాబట్టి ప్లాన్ ఏ నంబరుపై ఉందో టీవీలోనూ ఆ నంబరే ఇవ్వాలి. అమ్మ నంబరుతో లాగిన్ అయితే నాన్న ప్లాన్ అక్కడ కనిపించదు.

ఇవన్నీ సరిగ్గా చేసినా బొమ్మ రాకపోతే చందా రకం చూడండి. మొబైల్ రీఛార్జ్‌లతో ఇచ్చేవి చాలావరకు ‘మొబైల్’ చందాలు. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ చందా ఫోన్, ట్యాబ్లెట్‌లకే పరిమితం. టీవీలో చూడాలంటే కనీసం బేసిక్ ఉండాలి. అదైనా ఒకసారికి ఒక్క తెరమీదే నడుస్తుంది. హాల్లో టీవీ చూస్తుండగా గదిలో ఇంకొకరు ఫోన్‌లో చూడటం కుదరదు.

ఈ చందా ప్లాన్ ఉన్నంత వరకే. రీఛార్జ్ గడువు దాటినా, కంపెనీ మారినా ఆగిపోతుంది. చవక ప్లాన్‌కు మారేటప్పుడు కూడా కొత్త ప్లాన్‌లో ఓటీటీ ఉందో లేదో, ఉంటే మొబైల్ రకమో టీవీ రకమో ముందే చూసుకోవాలి.