18 అని రాస్తే 12 ఎందుకు కనిపించింది?

నలభై దాటాక నాకు అక్షరం కాస్త పెద్దగా ఉంటే తప్ప పని సాగడం లేదు. అందుకే ప్రోగ్రాములు రాసుకునే విఎస్ కోడ్‌లో అక్షరాల సైజు 18 పెట్టుకున్నాను. ఏ ఫైలు తెరిచినా అదే సైజు. ఆ మధ్య ఒక కొత్త ప్రాజెక్టులో చేరి, దాని ఫోల్డర్‌ను నా ల్యాప్‌టాప్‌లోకి దించుకుని తెరిచాను. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే నా 18 అలాగే ఉంది. 20 చేశాను. అయినా చీమలు చీమలే.

పక్క సీట్లో కుర్రాడు తొంగి చూసి, “సార్, మీరు ఏ ట్యాబ్‌లో మారుస్తున్నారు?” అన్నాడు. అప్పుడు చూశాను. సెట్టింగుల పేజీ పైభాగంలో User, Workspace అని రెండు ట్యాబులున్నాయి. ఇన్నేళ్లుగా నేను మొదటిదాన్నే వాడుతున్నాను. నా అక్షరాలను చిన్నవి చేసింది రెండోది.

విఎస్ కోడ్ మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో తెచ్చిన ఎడిటర్. మనం మార్చుకున్న ప్రతి సెట్టింగునూ అది ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో రాసి పెట్టుకుంటుంది. ఆ ఫైలు పేరు `settings.json`. కాకపోతే ఆ పేరుతో రెండు చోట్ల రెండు ఫైళ్లు ఉండొచ్చు. యూజర్ సెట్టింగుల ఫైలు మన కంప్యూటర్లో, మన ఖాతా కింద ఉంటుంది. విండోస్‌లో అయితే దాని చిరునామా `%APPDATA%\Code\User\settings.json`. అందులో రాసింది మనం తెరిచే ప్రతి ప్రాజెక్టుకూ వర్తిస్తుంది. వర్క్‌స్పేస్ సెట్టింగుల ఫైలు ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే, `.vscode` అనే చిన్న ఫోల్డర్‌లో ఉంటుంది. అందులో రాసింది ఆ ప్రాజెక్టు వరకే.

అసలు మెలిక ఈ రెండో ఫైలు ఉన్న చోటులోనే ఉంది. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉంది కాబట్టి, ప్రాజెక్టును గిట్‌లో పెట్టి పదిమందీ పంచుకునేటప్పుడు అది కూడా కోడ్‌తో పాటే ప్రయాణిస్తుంది. జట్టులో ఎవరో తన తెరకు సరిపోతుందని, Workspace ట్యాబ్‌లో ఉన్నానని గమనించుకోకుండా అక్షరాల సైజు 12 చేశారు. ఆ మార్పు మిగతా మార్పులతో కలిసి గిట్‌లోకి వెళ్లింది. అక్కడి నుంచి నా ల్యాప్‌టాప్‌లోకి దిగింది.

ఒకే సెట్టింగుకు రెండు ఫైళ్లూ రెండు విలువలు చెబితే గెలిచేది వర్క్‌స్పేస్. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డిఫాల్ట్ విలువ అన్నిటికంటే అడుగున ఉంటుంది. దాని మీద మన యూజర్ విలువ, ఆ పైన వర్క్‌స్పేస్ విలువ కూర్చుంటాయి. పైనున్నదే కంటికి కనిపిస్తుంది. నేను యూజర్ ఫైలులో 20 కాదు, 40 రాసినా ఫలితం ఒక్కటే. ఏది ముందు రాశాం, ఏది తర్వాత రాశాం అన్నదీ లెక్కలోకి రాదు.

ఈ సంగతి పట్టుకోవడం కష్టమేమీ కాదు. `Ctrl+,` నొక్కి సెట్టింగుల పేజీ తెరిచి, `editor.fontSize` అని వెతకాలి. User ట్యాబ్‌లో ఆ సెట్టింగు పేరు పక్కనే, ఇది Workspaceలో కూడా మార్చి ఉందని చిన్న అక్షరాల్లో చూపిస్తుంది. పెద్ద అక్షరాలు కావాల్సినవాడికి ఆ చిన్న అక్షరాలు కనిపించకపోవడమే నా పాట్లన్నిటికీ మూలం.

అయితే వర్క్‌స్పేస్‌దే ఎప్పుడూ గెలుపు అనుకుంటే మరోచోట బోల్తా పడతాం. అదే ప్రాజెక్టులో, అదే వారం ఆ ముచ్చటా జరిగింది. కోడ్‌లో ట్యాబ్ మీట నొక్కితే వరుస రెండు ఖాళీలు లోపలికి జరగాలని జట్టు నిర్ణయించుకుని, ప్రాజెక్టు ఫైలులో ఇలా రాసింది:

```json
{
  "editor.tabSize": 2
}
```

నా యూజర్ ఫైలులో ఎప్పుడో రాసుకున్నది ఇది:

```json
{
  "[javascript]": {
    "editor.tabSize": 4
  }
}
```

కొత్తగా ఒక హెచ్‌టిఎమ్‌ఎల్ ఫైలు మొదలుపెట్టి ట్యాబ్ నొక్కితే రెండు ఖాళీలే వచ్చాయి, జట్టు కోరినట్టే. జావాస్క్రిప్ట్ ఫైలు మొదలుపెడితే నాలుగు వచ్చాయి. అంటే అక్కడ నా యూజర్ సెట్టింగే వర్క్‌స్పేస్‌ను ఓడించింది. కారణం ఆ చదరపు బ్రాకెట్లు. ఫలానా భాషకు అని పేరు పెట్టి చెప్పిన మాట, అన్ని భాషలకూ కలిపి చెప్పిన మాట కంటే బలమైనది. ఎడిటర్ ముందు ఆ భాష పేరుతో ఏమైనా రాసి ఉందా అని చూస్తుంది. ఉంటే, అది యూజర్ ఫైలులోదైనా సరే, దానికే పెద్దపీట. రెండు ఫైళ్లలోనూ భాష పేరు పెట్టి రాసి ఉంటే మాత్రం మళ్లీ పాత నియమమే, వర్క్‌స్పేస్ గెలుస్తుంది. కాబట్టి జట్టు తన మాట నెగ్గించుకోవాలంటే ప్రాజెక్టు ఫైలులో కూడా `"[javascript]"` అని పెట్టి, దాని లోపల 2 రాయాలి. మేం చేసిందీ అదే.

అది రాశాక కూడా ఒక పాత ఫైలులో నాలుగు ఖాళీలే వచ్చాయి. ఈసారి గెలిచింది యూజరూ కాదు, వర్క్‌స్పేసూ కాదు, ఆ ఫైలే. `editor.detectIndentation` అనే సెట్టింగు మామూలుగా ఆన్‌లో ఉంటుంది. ఫైలు తెరవగానే అందులో ఇప్పటికే ఎన్ని ఖాళీలు వాడారో ఎడిటర్ చూసి, మన అంకెను పక్కన పెట్టి దాన్నే పాటిస్తుంది. కిటికీ అడుగున ఉండే పట్టీలో `Spaces: 4` అని కనిపిస్తే, ఆ ఫైలుకు ప్రస్తుతం నడుస్తున్న లెక్క అదన్నమాట. అంకె ఎక్కడా కుదరనప్పుడు ముందు ఆ పట్టీ చూడటం మంచిది.

ప్రాజెక్టు ఫైలుకు ఇంత అధికారం ఉంటే, ముక్కూమొహం తెలియని వాళ్ల ప్రాజెక్టును దించుకున్నప్పుడు మాటేమిటి? దానికీ హద్దులున్నాయి. ఎడిటర్ తనను తాను ఎలా అప్‌డేట్ చేసుకోవాలో చెప్పే `update.mode` లాంటివాటిని వర్క్‌స్పేస్ ఫైలులో రాసినా చెల్లవు. అవి యూజర్ ఫైలులోనే ఉండాలి. 2021లో మరో కాపలా వచ్చింది. కొత్త ఫోల్డర్ తెరవగానే, దీన్ని రాసినవాళ్లను నమ్ముతున్నారా అని ఎడిటర్ అడుగుతుంది. నమ్మం అంటే, మన కంప్యూటర్లో ప్రోగ్రాములు నడిపించగల సెట్టింగులు ఆ ప్రాజెక్టు ఫైలులో ఉన్నా వాటిని పట్టించుకోదు. కానీ అక్షరాల సైజు వల్ల ప్రమాదమేమీ లేదు. అందుకే 12 ఏ అడ్డూ లేకుండా లోపలికి వచ్చేసింది.

చివరికి ఆ 12 సంగతి ఏం చేశాం? `Ctrl` పట్టుకుని `=` నొక్కితే కిటికీ మొత్తం పెద్దదవుతుంది, ఆ పూటకు అలా గడిపాను. కానీ అది మందు కాదు. ఎన్ని ఖాళీలు వదలాలన్నది కోడ్‌కు సంబంధించిన విషయం, అది అందరికీ ఒకేలా ఉండాలి, కాబట్టి ప్రాజెక్టు ఫైలులోనే దాని చోటు. అక్షరం ఎంత ఉండాలన్నది ఎవరి కంటికి వాళ్లు తేల్చుకోవాల్సింది. ఇదే మాట జట్టులో చెబితే, 12 పెట్టినతను నవ్వి ఆ ఒక్క వరుసనూ ప్రాజెక్టు ఫైలులోంచి తీసి తన యూజర్ ఫైలులో రాసుకున్నాడు. ఆ మార్పును నేను దించుకున్న మరుక్షణం, ఎడిటర్‌ను మూసి తెరవనక్కర్లేకుండానే, నా తెర మీద అక్షరాలు ఒళ్లు విరుచుకున్నాయి. 18కి కాదు, 20కి. కోపంలో నేనే మార్చిన అంకె అది. మళ్లీ 18 చేసుకున్నాను, ఈసారి ఏ ట్యాబ్‌లో ఉన్నానో చూసుకుని మరీ.