దివిసీమ మినుము చేను విదేశీ పాఠకుడికి ఎలా అర్థమవుతుంది?
పరిశోధన వ్యాసం పీఠికపై అపోహలు – వాస్తవాలు

దివిసీమలో వరి కోసిన మాగాణిలో మినుము మీద ప్రయోగం చేసిన ఒక యువ పరిశోధకుడు ఉన్నాడనుకుందాం. రెండేళ్లు పొలంలో పనిచేశాడు, పట్టికలన్నీ సరిగ్గానే వేశాడు. వ్యాసాన్ని విదేశీ పత్రికకు పంపితే ‘స్థానిక నేపథ్యం తెలియడం లేదు, పీఠిక తిరగరాయండి’ అన్న మాటతో వెనక్కి వచ్చింది. ఇలాంటి రాతప్రతుల్లో మొదటి పేరా దాదాపు ఎప్పుడూ ఈ ధోరణిలోనే ఉంటుంది:

‘వరి ప్రపంచ జనాభాలో సగం మందికి ముఖ్యాహారం. ఆంధ్రప్రదేశ్‌ను అన్నపూర్ణ అంటారు. కృష్ణా జిల్లాలో రబీలో వరి మాగాణుల్లో మినుము విస్తారంగా సాగవుతుంది. దివిసీమ శివారు ఆయకట్టు కావడంతో రైతులు చౌడుతో ఇబ్బంది పడుతున్నారు. ఈ ప్రాంతంలో ఇంతవరకు ఇలాంటి అధ్యయనం జరగలేదు.’

అవనిగడ్డలోనో మచిలీపట్నంలోనో ఉన్నవారికి ఇందులో అర్థంకాని మాట ఒక్కటీ లేదు. వియత్నాంలోనో నెదర్లాండ్స్‌లోనో కూర్చుని చదివేవారికి మాత్రం మొదటి రెండు వాక్యాలు అక్కర్లేదు, తరవాతి మూడూ అర్థం కావు. ఈ పేరాను సరిచేయబోతే అడ్డం వచ్చే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ప్రపంచంతో మొదలుపెట్టి దేశం, రాష్ట్రం, జిల్లా మీదుగా ఊరికి దిగాలి.

వాస్తవం: వ్యవసాయ పత్రిక చదివేవాడికి వరి ప్రాముఖ్యం ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రపంచం నుంచి ఊరిదాకా దిగడానికే అర పేజీ ఖర్చయిపోతే, చోటు చాలక అసలు సమస్య ఒక్క వాక్యానికి కుదించుకుపోతుంది. మొదటి వాక్యంలోనే సమస్య ఉండాలి: ఉప్పు నీటి ప్రభావం ఉన్న డెల్టా చివరి భూముల్లో వరి తరవాత పండించే పప్పుధాన్యం, పూత దశకు వచ్చేసరికి తేమ చాలకా ఉప్పు పెరిగీ దెబ్బతింటోంది. ఊరూ జిల్లా రెండో వాక్యంలో వస్తే చాలు.

దివిసీమ అనగానే 1977 నవంబరు 19 నాటి ఉప్పెనతో మొదలుపెట్టేవారూ ఉన్నారు. ఆ విషాదం మనకు ఎంత పెద్దదైనా, చౌడు గురించిన పీఠికలో దాన్ని ముందు పెడితే నేటి ఉప్పుకు అదే కారణమని పాఠకుడు అనుకుంటాడు. అప్పుడు పొలాల మీదికి వచ్చిన ఉప్పు వానలకూ కాలువ నీటికీ కడుక్కుపోతూ వచ్చింది. నేడు చెప్పాల్సిన కారణాలు వేరు. భూమిలో తక్కువ లోతులోనే ఉన్న ఉప్పు నీరు, పోటు సమయంలో మురుగు కాలువల్లోకి ఎగదన్నే సముద్రపు నీరు, అదనుకు అందని కాలువ నీరు, పక్కనే తవ్విన రొయ్యల చెరువులు వీటిలో ముఖ్యమైనవి.

అపోహ: అక్షాంశ రేఖాంశాలు ఇస్తే చాలు, మిగతాది పటంలో చూసుకుంటారు.

వాస్తవం: పటంలో ఊరు కనబడుతుంది కానీ ఊరికి నీరు ఎటునుంచి వస్తుందో కనబడదు. డెల్టా వ్యవసాయంలో పొలం ఎక్కడుందన్నదానికంటే కాలువ మీద ఎంత చివర ఉందన్నదే ఎక్కువ చెబుతుంది. విజయవాడ ప్రకాశం బ్యారేజీకి 60 కిలోమీటర్లకు పైగా దిగువన, పులిగడ్డ దగ్గర కృష్ణా నది పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య ఉన్న దివిసీమకు కాలువ నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా నదిని దాటి రావాలి. అంటే చుట్టూ నీరున్నా, సాగుకు పనికొచ్చే నీరు అందరికంటే చివరగా అందుతుంది. ‘శివారు ఆయకట్టు’ అన్నప్పుడు మన మనసులో మెదిలే చిత్రం ఇదే. పాఠకుడికి ఆ చిత్రం రెండు వాక్యాల్లో ఇవ్వాలి.

నీటి మూలం గురించీ ఒక వాక్యం కావాలి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలయ్యాక, కృష్ణా డెల్టా కాలువల్లోకి గోదావరి నీరు కూడా వస్తోంది. ఈ సంగతి రాయకపోతే, కృష్ణా ఎగువ జలాశయాల మట్టాలు చూసి డెల్టా నీటి ఎద్దడిని అంచనా వేసే విదేశీ పరిశోధకుడు తప్పుదారి పడతాడు.

పేర్ల విషయంలో చిన్న జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న పాత కృష్ణా జిల్లాను విడదీశారు. ఆ తేదీకి ముందరి జిల్లా గణాంకాల్లో విజయవాడ వైపు మెట్ట ప్రాంతం కూడా కలిసి ఉంటుంది. ఆ అంకెల పక్కన నేటి జిల్లా పటం పెడితే రెండూ పొసగవు. పాత వ్యాసాల్లో మచిలీపట్నం మసులిపటం గానూ, కృష్ణా కిస్ట్నా గానూ కనిపిస్తాయి కాబట్టి, వాటిని ఉదహరించేటప్పుడు రెండూ ఒకటేనని ఒక్కసారి చెప్పాలి.

అపోహ: ఖరీఫ్, రబీ, రైస్ ఫాలో అందరికీ తెలిసిన మాటలే.

వాస్తవం: తిరగరాతలో ఎక్కువ పని ఉండేది ఇక్కడే. రబీ అంటే పంజాబ్ గురించి చదివినవాడికి చలికాలపు గోధుమ గుర్తొస్తుంది. మన డెల్టాలో నీరుంటే రబీలో దాళ్వా వరి వేస్తారు, లేకపోతే మినుము, పెసర చల్లుతారు. ఇక ‘ఫాలో’ అన్న మాట చూసిన విదేశీయుడు భూమి ఖాళీగా పడి ఉందనుకుంటాడు. నిజానికి అక్కడ పంట ఉంది. దున్నకుండా, తడి ఇవ్వకుండా, వరి పొలంలో మిగిలిన తేమ మీదే పండే పంట అది.

ఆ పద్ధతి దగ్గరగా చూడని వాడికి నమ్మశక్యంగా ఉండదు, కాబట్టి విడమరిచి రాయాలి. వరి కోతకు కొద్ది రోజుల ముందు, నిలబడి ఉన్న చేలోనే, బురద పదును చూసి మినుము విత్తనం చల్లుతారు. వరి కోసేనాటికి మొలక వచ్చి ఉంటుంది. 70–80 రోజుల్లో పంట చేతికొస్తుంది. కూలీలు కొడవళ్లతో కోసే రోజుల్లో ఈ లెక్క సాఫీగా సాగేది. కోత మిషన్ వచ్చాక దాని చక్రాల కింద మొలకలు నలిగిపోతున్నాయని చాలామంది కోత తరవాతే చల్లుతున్నారు. ఈలోగా పైనేల ఆరిపోతోంది. మీ ప్రయోగంలో విత్తనం ఎప్పుడు చల్లారో, వరిని దేనితో కోశారో పీఠికలోనే సూచించకపోతే, మొలక శాతం ఎందుకు తగ్గిందో పాఠకుడికి అంతుపట్టదు.

కాబట్టి రుతువుల పేర్లు పక్కన పెట్టి, నెలలతో, కారణాలతో గొలుసు కట్టాలి. సమస్య చెప్పే మొదటి వాక్యం తరవాత, ఆ రాతప్రతి పేరాలోని మూడో, నాలుగో వాక్యాలను తిరగరాస్తే ఇలా వస్తుంది:

‘భారతదేశపు తూర్పు తీరంలో, 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, కృష్ణా నది పాయల మధ్య ఉన్న దివిసీమలో జూన్ నుంచి వానలు పడతాయి కానీ, వరి నాట్లు కాలువ నీటి మీద ఆధారపడతాయి. కాలువ చివర ఉన్నందున నీరు ఆలస్యమైతే నాట్లు ఆగస్టులోకి జరుగుతాయి, కోత డిసెంబరుకు పోతుంది. వరి తరవాత తడి లేకుండా పండించే మినుము ఆ మేరకు ఆలస్యంగా మొలిచి, పూత, కాయ దశల్లో ఫిబ్రవరి, మార్చి నెలల ఎండకు చిక్కుతుంది. అదే సమయంలో నేల ఆరుతూ, అడుగున ఉన్న ఉప్పు నీరు పైకి పాకి, వేళ్ల దగ్గర లవణాలు పేరుకుంటాయి. అందువల్ల ఈ పంటకు తేమ కొరత, ఉప్పు అనే రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి.’

పొడవు పెరిగింది, నిజమే. ప్రపంచం, అన్నపూర్ణ వాక్యాలు తీసేశాం కాబట్టి చోటు దొరికింది. ఈ పేరా చదివినవాడికి ప్రయోగంలో విత్తే తేదీలను ఎందుకు మార్చి చూశారో మరొకరు చెప్పనక్కర్లేదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుఫాన్ల సంగతి ఇంకో వాక్యంలో చేర్చవచ్చు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే వరి కోతల వేళే వచ్చిందన్నమాట.

అపోహ: చౌడు అంకె ఒకటి ఇస్తే నేల ఎలాంటిదో తెలిసిపోతుంది.

వాస్తవం: అంకె ఏ పద్ధతిలో వచ్చిందో చెప్పకపోతే అది తప్పు అర్థమిస్తుంది. మన భూసార పరీక్ష కేంద్రాలు సాధారణంగా ఒక వంతు మట్టికి రెండు లేదా రెండున్నర వంతుల నీరు కలిపి విద్యుత్ వాహకత కొలుస్తాయి. మీటరుకు 4 డెసీసైమన్లు దాటితే ఉప్పు నేల అన్న అంతర్జాతీయ గీత మాత్రం, మట్టిని తడిపి ముద్ద చేసి, ఆ ముద్దలోంచి లాగిన నీటికి గీసినది. రెండున్నర వంతుల నీటిలో ఉప్పు పలచబడుతుంది. బరువైన నల్ల నేల ముద్ద తన బరువులో సుమారు 0.7 వంతు నీరు పట్టుకుంటుందనుకుంటే, పలచన దాదాపు మూడున్నర రెట్లు. మన రిపోర్టులో 1.5 అని ఉంటే ఆ లెక్కన 5 దాటుతుంది. విదేశీ పాఠకుడు 1.5 చూసి ‘ఇది మంచి నేలే కదా’ అనుకుని, ఈ ప్రయోగం ఎందుకు చేశారని అడుగుతాడు. ఈ రెట్ల లెక్క నేలను బట్టి మారుతుంది కాబట్టి, సొంతంగా మార్చి రాయడం కంటే కొలిచిన పద్ధతి, కొలిచిన నెల రెండూ పీఠికలోనే చెప్పడం మేలు. వానాకాలం చివర తీసిన మట్టికీ మార్చిలో తీసిన మట్టికీ మధ్య అంకె చాలా మారిపోతుంది.

దిగుబడులకూ ఇదే వర్తిస్తుంది. ‘ఎకరాకు 30 బస్తాలు’ అంటే 75 కిలోల బస్తా చొప్పున 2,250 కిలోల వడ్లు, హెక్టారుకు సుమారు 5.6 టన్నులు. అది వడ్లా బియ్యమా అన్నది కూడా రాయాలి. ఎరువుల్లో యూరియా బస్తా ఒకప్పుడు 50 కిలోలు, ఇప్పుడు 45. పాత వ్యాసంలోని ‘ఒక బస్తా’తో మన ‘ఒక బస్తా’ను పోల్చకూడదు.

అపోహ: ‘ఈ ప్రాంతంలో ఎవరూ చేయలేదు’ అంటే ఖాళీ చూపించినట్టే.

వాస్తవం: గుడివాడలో చేయలేదు, చల్లపల్లిలో చేయలేదు అంటూ ప్రతి ఊరికీ ఒక వ్యాసం రాయవచ్చు. ఇతర చోట్ల వచ్చిన ఫలితం ఇక్కడ ఎందుకు వర్తించదో చెబితేనే ఖాళీ కనిపిస్తుంది. వరి తరవాత పప్పుధాన్యాల మీద తూర్పు భారతంలో, బంగ్లాదేశ్‌లో పని జరిగింది. ఎండాకాలంలో ఉప్పు ఎగదన్నడం మీద మెకాంగ్ డెల్టాలో జరిగింది. తేమ కొరత, ఉప్పు రెండూ ఒకే పంటను ఒకే నెలలో పట్టుకుంటే ఏమవుతుందన్నది దివిసీమ అడిగే ప్రశ్న. అలా అడిగితే మెకాంగ్ పరిశోధకుడికీ ఈ వ్యాసంతో పని పడుతుంది. స్థానిక వివరాలు ఎక్కువైతే ‘ఇది స్థానిక వ్యాసం’ అని తోసేస్తారన్న భయంతో వాటిని దాచేవారు, సరిగ్గా ఈ పోలికకు దారి మూసేసుకుంటున్నారు.

మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానంలో ఉప్పును తట్టుకునే వరి రకాల మీద, ఘంటసాల స్థానంలో మినుము మీద పని జరిగింది. మన ఊళ్లోని ఈ పనిని చెప్పకుండా ‘ఎవరూ చేయలేదు’ అని రాస్తే అది అబద్ధమవుతుంది. వాటిని ముందు చెప్పి, అవి ఆగిన చోటు చూపించి, అక్కడినుంచి మన ప్రశ్న మొదలుపెట్టాలి.

పీఠిక చివరి పేరాలో ఫలితం ఎక్కడిదాకా చెల్లుతుందో కూడా రాయాలి. దివిసీమ శివారు బరువు నేలల్లో చేసిన ప్రయోగం బందరు తీరపు ఇసుక నేలలకు పనికిరాదు, అక్కడ తేమ నిలిచే తీరే వేరు. సముద్రానికి దూరంగా ఉండి, ఉప్పు కంటే మురుగు ఎక్కువగా బాధించే గుడివాడ వైపు పొలాలకైతే, ఇందులో విత్తే తేదీల భాగం వర్తించవచ్చు, ఉప్పు భాగం వర్తించదు.